చిన్న అడుగులన్నీ సరిగ్గా పడినా తగ్గని భయం: ఒక కేస్ స్టడీ

ఓటమి భయంతో కొత్త పనుల జోలికే వెళ్లని వాళ్లకు, మానసిక చికిత్స చేసే మా వృత్తిలో సాధారణంగా ఇచ్చే సలహా, చిన్న చిన్న అడుగులతో మొదలుపెట్టమని. ఈ కేసులో అలాగే మొదలుపెట్టాం. ప్రతి అడుగూ సరిగ్గా పడింది, ఒక్కటీ బెడిసికొట్టలేదు. అయినా భయం దాదాపు ఉన్నచోటే ఉండిపోయింది. అది ఎందుకు తగ్గలేదో తెలిశాకే పని ముందుకు కదిలింది. చికిత్సకు వచ్చిన మహిళ అనుమతితోనే ఇది రాస్తున్నాను. వయసు, ఉద్యోగం, కుటుంబం వివరాల్లో గుర్తుపట్టడానికి వీలున్నవన్నీ మార్చాను.

నేపథ్యం

ముప్పై దాటిన మహిళ. ఒక ఆఫీసులో లెక్కల నివేదికలు తయారుచేసే ఉద్యోగం. చాలా ఏళ్లుగా అదే సీటు, అదే పని. ఆమె చేతి నుంచి వెళ్లిన నివేదికలో తప్పు దొరకదని ఆఫీసులో పేరు. చిక్కులొస్తే సహోద్యోగులు ముందు ఆమె దగ్గరికే వెళ్తారు.

చదువులో ఎప్పుడూ ముందుండేది. కాలేజీ రోజుల్లో మాత్రం ఒక పెద్ద పరీక్షలో తప్పింది. ఇంట్లో ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. కానీ ఆ పరీక్ష గురించి ఆ తర్వాత ఎవరూ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. "తిట్టినా బాగుండేదండీ, అయిపోయేది" అంది. నోరెత్తి మాట్లాడుకోవడానికి కూడా వీల్లేనంత ఘోరం తన వల్ల జరిగిందని ఆమెకు అప్పుడు అనిపించిందట. ఆమె భయానికి కారణమంతా ఈ ఒక్క సంఘటనే అని నేను అనను. అలా తేల్చేయడానికి ఆధారం లేదు. కానీ ఓడిపోయాక ఏమవుతుందో మాట్లాడే అవకాశమే రాలేదన్న సంగతిని నోట్సులో రాసుకున్నాను. అది తర్వాత బాగా పనికొచ్చింది.

ఏ సమస్యతో వచ్చింది

కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పే బాధ్యత తీసుకోమని పైఅధికారి మూడోసారి అడిగాడు. "ఆలోచించి చెప్తాను" అని, వారం తర్వాత వద్దనేసింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తన తర్వాత చేరినవాళ్లు ముందుకెళ్లిపోతున్నారన్న బాధ ఒకపక్క, వద్దన్నందుకు వచ్చిన హాయి మరోపక్క. ఆ హాయి సంగతి చెప్పేటప్పుడు ఆమె తల దించుకుంది.

నిజానికి ఈ సమస్యను నిలబెట్టేది ఆ హాయే. వద్దన్న క్షణంలో టెన్షన్ చప్పున దిగిపోతుంది. తప్పుకుంటే ప్రాణం కుదుటపడుతుందని మనసు నేర్చుకుంటుంది. తప్పుకున్న ప్రతిసారీ ఆ పాఠం గట్టిపడుతుంది. పైగా, ఒప్పుకుని ఉంటే ఏం జరిగేదో తెలుసుకునే దారి మూసుకుపోతుంది. అలా భయం నిజమో కాదో పరీక్షకు నిలబడకుండానే ఏళ్లు గడిచిపోతాయి.

మొదట డిప్రెషన్ ఉందేమో చూశాను. రోజువారీ పనుల మీద ఆసక్తి, ఆకలి, మామూలు రోజుల్లో నిద్ర అన్నీ బాగానే ఉన్నాయి. తర్వాత వచ్చిన ప్రశ్న, ఇది నలుగురి ముందు నిలబడాలంటే వచ్చే భయమేనా అని. అలా అయితే చికిత్స దారి కొంత వేరుగా ఉంటుంది. దానికి జవాబు ఒక బొమ్మల నోటుపుస్తకంలో దొరికింది.

బొమ్మలు వేయడం నేర్చుకోవాలని ఎప్పుడో కొనుక్కున్న పుస్తకం అది. నేను అడిగితే తీసుకొచ్చింది. మొదటి నాలుగు కాగితాలు లేవు. చింపినవి కావు, కుట్టు దగ్గర బ్లేడుతో నున్నగా కోసి తీసినవి. మిగతా పుస్తకమంతా తెల్లగా ఉంది. గది తలుపు వేసుకుని, ఎవరికీ చూపించే ఉద్దేశం లేకుండా వేసిన బొమ్మల్ని కూడా ఆనవాలు లేకుండా తీసేసిందన్నమాట. చూసేవాళ్లు లేనప్పుడూ భయం అంతే ఉందంటే, నలుగురూ ఏమనుకుంటారన్నది సగం కథే. తప్పు చేసిన తనతో తాను ఉండాల్సి రావడం మిగతా సగం.

మొదట ఏం చేశాం

ఆలోచనలనూ చేతలనూ పరీక్షించి మార్చుకునే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ పద్ధతిలో మొదలుపెట్టాం. ఆమె భయం వెనకున్న నియమాన్ని ఆమె మాటల్లోనే రాయించాను: "ఒక పనిలో తప్పితే, నాకు చేతకాదని తేలిపోతుంది. ఆ తర్వాత మళ్లీ లేవలేను." దీన్ని ఎంత నమ్ముతున్నారని అడిగితే వందకు 85 అంది.

కొన్ని సెషన్లు ఈ నియమం మీద మాట్లాడాం. దానికి అనుకూలంగా ఏం సాక్ష్యాలున్నాయి, వ్యతిరేకంగా ఏమున్నాయి, ఇదే పని స్నేహితురాలు చేసి తప్పితే ఆమెతో ఏమంటారు అని. ఆమె తెలివైన మనిషి. ప్రతి ప్రశ్నకూ చక్కటి జవాబు ఇచ్చేది. చివర్లో మాత్రం "మీరు చెప్పేది అర్థమవుతోందండీ, కానీ లోపల అలా అనిపించట్లేదు" అనేది. మాటలతో వచ్చేది ఇంతవరకే అనిపించి చేతలకు మారాం. మాటల ప్రయత్నం వృథా అనలేను. ఏ నియమాన్ని పరీక్షించాలో దాని వల్లే తేలింది.

తర్వాత ఒక మెట్ల వరుస తయారుచేసుకున్నాం. తక్కువ భయం పుట్టించేవి కింద, ఎక్కువ పుట్టించేవి పైన. ఇంతకుముందు రాయని రకం నివేదిక ఒకటి రాసి పంపడం, మీటింగులో ఒక సూచన చెప్పడం, కొత్త సాఫ్ట్‌వేర్‌లో ఒక చిన్న పని చేసి చూడడం, ఇలాంటివి. వారానికి ఒకటి. అన్నీ చేసింది, అన్నీ బాగా వచ్చాయి. నివేదికను పైఅధికారి మెచ్చుకున్నాడు కూడా.

నెల తర్వాత నియమం మీద నమ్మకం ఎంతుందో మళ్లీ అడిగాను. 80 అంది.

ఎందుకు ఫలించలేదు

ఇన్ని విజయాలకు అయిదు పాయింట్లే తగ్గడం నన్ను ఆలోచనలో పడేసింది. ఒక్కో పనినీ మొదటి నుంచి చివరి దాకా ఎలా చేసిందో చెప్పించుకున్నాను. ఏం చేశారని కాదు, ఎలా చేశారని. అప్పుడు బయటపడింది. ఆ ఒక్క పేజీ నివేదికకు రెండు సాయంత్రాలు పెట్టింది. పంపేముందు ఒక స్నేహితురాలితో చదివించింది. మీటింగులో చెప్పిన సూచన అంతకుముందే పైఅధికారికి నచ్చుతుందని ఖాయంగా తెలిసినది. సాఫ్ట్‌వేర్ పనిని ఇంట్లో అంతా సాధన చేసుకుని వచ్చి, ఆఫీసులో మొదటిసారి చేసినట్టు చేసింది.

అంటే విఫలమయ్యే అవకాశమే లేకుండా చూసుకుంది. ఆమె దృష్టిలో ఆ విజయాల అర్థం "నాకు చేతనవుతుంది" అని కాదు, "ఇంత జాగ్రత్తపడ్డాను కాబట్టి గట్టెక్కాను" అని. ప్రతి విజయం ఆ జాగ్రత్తల ఖాతాలోకే పోయింది. కొత్త పని ఎదురైతే ఇంత శ్రమ పడాలని భయం ఇంకాస్త బలపడింది కూడా.

ఇంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ఆమె నియమాన్ని మళ్లీ చదివితే అందులో రెండు భాగాలున్నాయి. తప్పుతాను అన్నది ఒకటి. తప్పాక లేవలేను అన్నది రెండోది. మేం చేసిన పనులన్నీ మొదటి భాగాన్నే పరీక్షించాయి. ఆమెను ఆపుతున్నది రెండోది. ఓడిపోయిన మర్నాడు ఎలా ఉంటుందన్న దాని మీద ఆమె దగ్గర ఉన్న సమాచారమంతా ఆ కాలేజీ రోజుల నిశ్శబ్దమే. ఎన్ని గెలుపులు వచ్చినా ఆ సమాచారం మారదు. దాన్ని మార్చాలంటే కొన్ని పనులు నిజంగా చెడాలి, ఆ తర్వాత ఏమైందో ఆమె దగ్గరుండి చూడాలి.

ప్రయోగాలను ఎలా మార్చాం

ఆమె ముందు ఈ మాట పెట్టాను: ఇకమీదట సరిగ్గా చేయడం మన లక్ష్యం కాదు, ఏం జరుగుతుందో చూడడం లక్ష్యం. మొదట ఒప్పుకోలేదు. "కావాలని తప్పు చేయమంటారా?" అని అడిగింది. కొన్నిసార్లు అవును, చాలాసార్లు జాగ్రత్తల్లో ఒకదాన్ని వదిలేయడమే అని చెప్పాను.

ప్రమాదం తక్కువని ఎలా తేల్చుకోవాలన్న దానికి చాలాసేపు పట్టింది. చివరికి మూడు విషయాలు చూశాం. చెడితే ఒక్క రోజులోపు సరిదిద్దుకోగలిగేది కావాలి. నష్టం ఆమె తప్ప వేరెవరి మీదా పడకూడదు. ఎప్పుడు ఆగిపోతుందో ముందే తెలియాలి. లెక్కల నివేదికలో కావాలని తప్పు పెట్టడం ఈ మూడింటిలో రెండింటికి ఎదురెళ్తుంది. అందుకే దాన్ని మొదట్లోనే పక్కన పెట్టాం.

కష్టం ఎంతుండాలన్నది ఇంకో ప్రశ్న. చెడుతుందన్న అంచనా వందకు 10 ఉన్న పని చేస్తే కొత్తగా తెలిసేదేమీ ఉండదు. 95 ఉంటే ఆమె చేయదు. 50 నుంచి 70 మధ్య ఉన్నవాటినే ఎంచుకున్నాం.

ప్రతి ప్రయోగానికీ ఒక కాగితం. పని మొదలుపెట్టకముందే నాలుగు సంగతులు రాయాలి: ఏం చేయబోతున్నాను, ఏ జాగ్రత్త వదిలేస్తున్నాను, ఏం జరుగుతుందని భయం, దాన్ని ఎంత నమ్ముతున్నాను. భయాన్ని పక్కనున్న మనిషి కూడా చూసి అవునో కాదో చెప్పగలిగేట్టు రాయాలన్నది నేను పట్టుబట్టిన నియమం. "అందరూ నన్ను తక్కువగా చూస్తారు" అంటే తేల్చడానికి దారి లేదు. "వారం రోజులు నన్ను సందేహాలు అడగడం మానేస్తారు" అంటే తేల్చవచ్చు. పని అయ్యాక ఏం జరిగిందో, బాధ ఎంతసేపు ఉందో రాయాలి. ఆ చివరి గడి ఈ కేసు కోసమే చేర్చాను.

ఏం జరిగింది

మొదటిది బొమ్మల పుస్తకంతోనే. రబ్బరు లేకుండా పెన్నుతో పది నిమిషాలు బొమ్మ వేయాలి. ఎలా వచ్చినా మర్నాటి సాయంత్రం దాకా ఆ పేజీ తెరిచి బల్ల మీద ఉంచాలి. ఆమె రాసిన అంచనా: "గంటలోపు చింపేస్తాను. చింపకపోతే మర్నాటి దాకా మనసు పాడై ఉంటుంది." నమ్మకం 70. బొమ్మ ఆమె అనుకున్నంత వికారంగానే వచ్చింది. బాధ 75 దాకా ఎక్కింది. అరగంట దాటాక ఫోన్ వచ్చి మాటల్లో పడింది. మళ్లీ కాగితం తీసి రాసేటప్పటికి 20 ఉంది. మర్నాడు పొద్దున ఆ పేజీ పక్కనుంచే నడిచివెళ్లి, ఆఫీసుకెళ్లాక గుర్తొచ్చిందట. సెషన్‌లో ఆమె బొమ్మ సంగతి మాట్లాడలేదు. "నలభై నిమిషాలండీ, అంతే" అని రెండుసార్లు అంది. తన బాధ తనంతట తానే దిగుతుందన్న సంగతి ఆమెకు నిజంగా కొత్త.

రెండోది, తనకు తెలిసి ఉండాల్సిన విషయం గురించి పక్క సీటు ఆయన్ని అడగడం. వారం పాటు ఆయన తన దగ్గరికి సందేహాలతో రాడని అంచనా, నమ్మకం 60. ఆయన అర నిమిషంలో జవాబు చెప్పి తన పనిలో పడిపోయాడు. మూడో రోజు తన సందేహంతో వచ్చాడు కూడా.

ఇలాంటివి మరికొన్ని అయ్యాక ఆమెలో ఉత్సాహం వచ్చింది. నేర్పించే బాధ్యత మొత్తం ఒకేసారి తీసుకుంటానంది. నేను వద్దన్నాను. పురోగతిలా కనిపించే ఈ మలుపు చాలా కేసుల్లో వస్తుంది. జాన్ అట్కిన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1957లో ఒక సిద్ధాంతం చెప్పాడు: ఓటమి భయం ఎక్కువగా ఉన్నవాళ్లు మధ్యరకం కష్టాన్ని తప్పించుకుని, మరీ సులువైనదాన్నో మరీ కష్టమైనదాన్నో ఎంచుకుంటారని. సులువైనదాంట్లో ఓడిపోరు. మరీ కష్టమైనదాంట్లో ఓడినా ఎవరూ తప్పుపట్టరు, తామూ తప్పుపట్టుకోరు. రెండు చోట్లా తమ సత్తా గురించి ఏమీ తేలదు. ఇది ఆమెకు వివరించి, ఈ నిర్ణయం వెనక అలాంటిదేమైనా ఉందా అని అడిగాను. కాసేపాగి, "మొత్తం తీసుకుని చెడితే, అంత పని ఒక్కళ్లకిచ్చారు మరి అనుకోవచ్చు కదండీ" అంది.

అందుకని మధ్యరకం ఒకటి తయారుచేశాం. కొత్తగా చేరిన ఇద్దరికి, ఒకే విషయం మీద, ఇరవై నిమిషాలు నేర్పించడం. తయారీకి గంట మాత్రమే. రాసుకుని చదవకూడదు, ముందుగా ఎవరికీ వినిపించకూడదు. భయాలు మూడు రాసింది: జవాబు తెలియని ప్రశ్న వస్తుంది, ఆ ఇద్దరూ ఇక తన దగ్గరికి రారు, ఈ సంగతి ఆఫీసంతా నెలల తరబడి చెప్పుకుంటారు. మొత్తం మీద నమ్మకం 70.

మొదటి భయం నిజమైంది. జవాబు తెలియని ప్రశ్న వచ్చింది. దానికి తోడు, తెర మీద చూపించిన షీట్‌లో ఫార్ములా ఒక వరుసను వదిలేసి మొత్తం తప్పు చూపించింది. దాన్ని కనిపెట్టింది కూడా నేర్చుకుంటున్నవాళ్లలో ఒకరు. తలుపు దగ్గర నిలబడి చూస్తున్న పైఅధికారి, అయ్యాక ఆమెను పక్కకు పిలిచి "ఇంకొంచెం తయారై రావాల్సింది" అన్నాడు.

ఆ వారం సెషన్‌కు వస్తుందో రాదో అనుకున్నాను. వచ్చింది, కాగితం నింపుకుని మరీ. పైఅధికారి మాట అన్నాక బాధ 90. ఆ రాత్రి సరిగా నిద్రపోలేదు. మర్నాడు మధ్యాహ్నానికి 50. మూడో రోజుకు 25. ఫార్ములా తప్పు పట్టుకున్న అమ్మాయి మర్నాడే వచ్చి, దాన్ని ఎలా సరిచేయాలో చూపించమని అడిగింది. తర్వాతి వారమంతా గమనించినా ఆ సంగతి ఎవరి నోటా వినబడలేదు. పైఅధికారి కూడా మళ్లీ ఎత్తలేదు.

నా దృష్టిలో ఈ కేసు మొత్తానికి కీలకం ఇదే. అంతా బాగా జరిగి ఉంటే అది మళ్లీ జాగ్రత్తల ఖాతాలోకే పోయేదేమో. ఇక్కడ నిజంగానే తప్పింది. పైఅధికారి ఒక మాట అన్నాడు. ఆ మాట నొప్పించింది, దాన్ని నేను కొట్టిపారేయలేదు. ఆ మాటలో ఎంత నిజం ఉందో కూడా చూశాం. ఫార్ములా ఒకసారి సరిచూసుకుని ఉంటే దొరికేదే, అది మామూలు తయారీ. రెండు సాయంత్రాల జాగ్రత్తకూ, ఒక్కసారి సరిచూసుకోవడానికీ మధ్య తేడా ఆమెకు మొదటిసారి స్పష్టంగా కనిపించింది. నియమం మీద నమ్మకం ఆ రోజు 45.

తర్వాత

నేర్పించే బాధ్యతను మూడు నెలలకు, ముగింపు తేదీ ముందే చెప్పి తీసుకుంది. అది ముగిశాక కొత్తవాళ్లకు ఎదురుగా కూర్చుని నేర్పే భాగాన్ని ఉంచుకుని, పెద్ద గదిలో అందరికీ చెప్పే భాగాన్ని వదిలేసింది. ఇది మళ్లీ తప్పుకోవడమేనా అని ఇద్దరం చర్చించాం. చేసి చూసి, నచ్చక వదిలింది కాబట్టి కాదని అనుకున్నాం. కొన్ని నెలల తర్వాత మాట్లాడినప్పుడు నియమం మీద నమ్మకం 30 దగ్గర ఉంది. పని ఒత్తిడి ఉన్న వారాల్లో పాత అలవాటు తిరిగొస్తుందని, ఒకే మెయిల్‌ను పదేపదే దిద్దుతున్నానని గమనించగానే కాగితం తీస్తానని చెప్పింది.

నేను గ్రహించినవి

ఓటమి భయంతో వచ్చేవాళ్లను ఇప్పుడు మొదటి సెషన్‌లోనే అడుగుతున్నాను: సరే, తప్పింది అనుకోండి, మర్నాడు పొద్దున ఏమవుతుంది? చాలామంది దగ్గర జవాబు ఉండదు, లేదా అన్నీ ఆ రోజుతోనే ఆగిపోయినట్టు చెప్తారు. ప్రయోగం పెట్టాల్సింది అక్కడే. ఏం చేశారో అడిగి ఊరుకుంటే సరిపోదు, ఎలా చేశారో కూడా చెప్పించుకోవాలి. పురోగతి నివేదిక ఎంత నున్నగా ఉంటే అంత అనుమానంతో చూడాలి.

అంచనా ముందే కాగితం మీద పెట్టించడంలో సడలింపు ఇవ్వకండి. అయిపోయాక "నేను అంతగా ఏమీ భయపడలేదులెండి" అని అందరూ అంటారు, నిజంగానే అలా గుర్తుంటుంది. అప్పుడు అంచనాకూ వాస్తవానికీ మధ్య తేడా కనిపించదు. ఆ తేడా కనిపించకపోతే మనసు నేర్చుకునేదేమీ ఉండదు.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. డిప్రెషన్ తీవ్రంగా ఉన్న మనిషి ఇలాంటి ప్రయోగంలో తప్పితే దాన్ని సమాచారంగా తీసుకోలేడు, తన పనికిరానితనానికి రుజువుగా తీసుకుంటాడు. ముందు దానికి వైద్యం జరగాలి. చిన్న తప్పుకే ఉద్యోగం పోయే చోట, లేదా ఇంట్లో నిజంగానే హింస ఉన్న చోట, ఆ భయం పరిస్థితిని సరిగ్గానే అంచనా వేస్తోంది. అక్కడ ప్రయోగాలు పెట్టకూడదు. ఈమె పైఅధికారి ఒక మాట అని ఊరుకునే మనిషి అని ఇరవై నిమిషాల ప్రయోగానికి ముందే ఆమె నోట విని ఉన్నాను. అది తెలియకపోయి ఉంటే ఆ ప్రయోగాన్ని ఆఫీసు బయట ఎక్కడైనా పెట్టుకునేవాళ్లం.